నీటిగోడ నడక లెక్క

1959 డిసెంబర్ 2 రాత్రి తొమ్మిది దాటాక దక్షిణ ఫ్రాన్స్‌లో మల్పాసే ఆనకట్ట తెగింది. రెయ్‌రాన్ అనే చిన్న ఏటి మీద అయిదేళ్ల కిందటే కట్టిన పలచటి కాంక్రీటు వంపు ఆనకట్ట అది. ఎడమ గట్టున దానికి ఆనుగా ఉన్న రాయి జారిపోయింది. సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు ఒక్కసారిగా లోయలోకి దూకాయి. లోయ చివర ఫ్రెజూస్ పట్టణం ఉంది. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు.

ఆ నీళ్లు ఎంత వేగంతో పోయాయో గడియారం చేతపట్టుకుని చూసినవాళ్లు లేరు. అయితే దారిలో మూడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. నీళ్లు తగలగానే ఒక్కొక్కటే ఆగిపోయింది, ఆగిన వేళ నమోదయింది. ఆనకట్ట తెగిన 100 సెకన్లకు మొదటిది, 1,240 సెకన్లకు రెండోది, 1,420 సెకన్లకు మూడోది. వరద ఎలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే ఇంజనీర్లు తమ ప్రోగ్రాము నమ్మదగిందో కాదో చూసుకోవడానికి నేటికీ ఈ మూడు అంకెల దగ్గరికే వస్తారు.

ఆ అంకెల దగ్గరికి మనమూ వద్దాం. ముందు మాత్రం లోయ, వంకర్లు, రాళ్లు, చెట్లు అన్నీ పక్కనపెట్టి, ఒక మామూలు కాలువ గట్టు మీద నిలబడదాం.

కాలువ పక్కన పెరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. కాలువలో నీళ్లు నిలకడగా ఉంటాయి. ఎగువన లస్కరు షట్టరు ఎత్తుతాడు. కాసేపటికి నురగ కక్కుతూ, ఎండుటాకులూ పుల్లలూ తోసుకుంటూ ఒక మెట్టు కదిలివస్తుంది. మెట్టుకు ఇవతల పాత మట్టం, అవతల కొత్త మట్టం. మా చిన్నప్పుడు దానితో పందెం వేసుకుని గట్టు మీద పరిగెత్తేవాళ్లం. కొన్నిసార్లు మేం గెలిచేవాళ్లం, ఎక్కువసార్లు అదే గెలిచేది. ఎందుకలా అన్న ప్రశ్న అప్పట్లో ఎవరికీ రాలేదు. పరీక్షల్లో వచ్చేసరికి సూత్రం బట్టీపట్టాం. దాని వెనక ఉన్నది మహా అయితే రెండు పద్దుల జమాఖర్చు అని తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

ఇంగ్లీషులో ఈ కదిలే మెట్టును బోర్ అంటారు. మన పొలాల్లో తవ్వించే బోరుకూ దీనికీ చుట్టరికం లేదు. అల అనే అర్థమున్న పాత నార్స్ మాట నుంచి అది వచ్చిందంటారు. సముద్రపు పోటు నది నోట్లోకి తోసుకొచ్చినప్పుడు పుట్టే మెట్టుకు మొదట ఆ పేరు పెట్టారు. మన దేశంలో హుగ్లీలో అలాంటిది వస్తుంది, బెంగాలీలు దాన్ని బాన్ అంటారు. చైనాలోని చియెన్‌తాంగ్ నదిలో వచ్చేదాన్ని చూడటానికి జనం తిరనాళ్లలా గుమిగూడతారు. పోటు తెచ్చినా, షట్టరు తెచ్చినా, తెగిన ఆనకట్ట తెచ్చినా మెట్టు నడిచే పద్ధతి ఒక్కటే. నేను దాన్ని నీటిగోడ అనే అంటాను.

సులువైన అంకెలు తీసుకుందాం. కాలువ అడుగు చదును, గట్లు నిట్టనిలువు. ముందున్న నీళ్లు 1 మీటరు లోతు, కదలకుండా ఉన్నాయి. నీటిగోడ వెనక లోతు 2 మీటర్లు. గోడ సెకనుకు ఎన్ని మీటర్లు ముందుకు జరుగుతుందో మనకు తెలియదు, దాన్ని c అందాం. వెనక ఉన్న నీళ్లు ఎంత వేగంతో వస్తున్నాయో కూడా తెలియదు, దాన్ని u అందాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. గోడ వేగమూ నీటి వేగమూ ఒకటే అనుకుంటారు. ఒకటి కావు. వరుసలో నిలబడ్డవాళ్లను వెనకనుంచి ఒకడు తోస్తే, తోపు ముందుకు పాకినంత వేగంగా మనుషులు కదలరు. నీటి సంగతీ అంతే.

మొదటి పద్దు నీటిది. పుస్తకాల్లో ద్రవ్యరాశి నిత్యత్వం అంటారు. కాలువలో ఒక మీటరు వెడల్పు పట్టీనే చూద్దాం. ఒక సెకనులో గోడ c మీటర్లు ముందుకు జరిగింది. అంత పొడవునా మట్టం ఒక మీటరు పెరిగింది. అంటే c ఘనపు మీటర్ల నీళ్లు కొత్తగా చేరాయి. ఆ నీళ్లు ఎక్కడివి? వెనకనుంచి వచ్చినవే. వెనక లోతు 2 మీటర్లు, వేగం u, కాబట్టి సెకనుకు వచ్చేది 2u ఘనపు మీటర్లు. చేరిందీ వచ్చిందీ సమానం కావాలి కాబట్టి 2u = c. అంటే నీటి వేగం గోడ వేగంలో సగం. గోడతో పాటు పోయే ఆకును గమనిస్తే ఇది కంటికే కనిపిస్తుంది. ముందు నీళ్లలో తేలుతున్న ఆకును గోడ మింగేస్తుంది. నురగ తిప్పుడు నుంచి బయటపడ్డాక అది వెనకబడిపోతుంది, గోడ మాత్రం ముందుకు పోతుంది.

రెండో పద్దు ఊపుది. పాఠ్యపుస్తకంలో దీన్ని ద్రవ్యవేగం అంటారు, బరువును వేగంతో గుణిస్తే వచ్చేది. కదలని నీళ్లు కదలాలంటే ఎవరో తొయ్యాలి. ఎవరు తోస్తున్నారు? వెనకున్న లోతైన నీళ్లు. నీటి ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది కాబట్టి, ఒక మీటరు వెడల్పు పలకను నీళ్లకు అడ్డంగా దింపితే దాని మీద పడే మొత్తం తోపు లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1 మీటరు లోతుకు అది అర టన్ను బరువంత. 2 మీటర్ల లోతుకు 2 టన్నుల బరువంత. గోడను ముందు నుంచి అర టన్ను ఆపుతుంటే, వెనక నుంచి 2 టన్నులు నెడుతున్నాయి. మిగిలిన తోపు టన్నున్నర. కిలోన్యూటన్లలో 14.7.

ఈ తోపు ఏం పని చేసింది? ఒక సెకనులో గోడ c మీటర్ల పొడవు, 1 మీటరు లోతు ఉన్న నిశ్చల జలాన్ని మింగింది. ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను కాబట్టి, అది c టన్నులు. ఆ c టన్నులకు సున్నా నుంచి u వేగం, అంటే c లో సగం వేగం వచ్చింది. కాబట్టి సెకనుకు పుట్టిన ఊపు c ను c/2 తో గుణించినంత. దాన్ని తోపుతో సమానం చేస్తే:

c × c/2 = 14.7

c వర్గం 29.4. c అంటే సెకనుకు 5.4 మీటర్లు, గంటకు పందొమ్మిదిన్నర కిలోమీటర్లు. వెనక నీటి వేగం 2.7 మీటర్లు. మా పందెంలో ఎక్కువసార్లు ఎవరు గెలిచేవారో ఎందుకు గెలిచేవారో ఇప్పుడు తెలిసిపోయింది.

మన అంకెల బదులు ముందు లోతు h1, వెనక లోతు h2 అని అక్షరాలు పెట్టి ఇదే పని చేస్తే వచ్చే సూత్రం ఇది:

c = √[ g·h2·(h1 + h2) / (2·h1) ]

g భూమి ఆకర్షణ, 9.81. ముందు నీళ్లు కూడా కదులుతుంటే వాటి వేగాన్ని చివర్లో కలిపితే సరి. గోడ పోయే దిక్కుకే నది పారుతుంటే కూడాలి. పోటులా నదికి ఎదురెక్కుతుంటే తీసివెయ్యాలి.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చేది, మనం చూడకుండా వదిలేసిన భాగం. నురగలో నీళ్లు ఎలా సుడి తిరుగుతున్నాయో, గోడ ముఖం ఎంత వాలుగా ఉందో, లోపల ఏ చుక్క ఏ దిక్కుకు పోతోందో మనం అడగనే లేదు. లోపల ఒక నీటి ముద్ద ఇంకో ముద్దను ఎంత తోస్తే, అది దీన్ని అంతే తిరిగి తోస్తుంది. లోపలి తోపులన్నీ కొట్టుబడిపోతాయి. గోడకు కాస్త ముందు ఒక గీత, కాస్త వెనక ఒక గీత గీసి, ఆ రెండు చోట్లా నీళ్లు నెమ్మదిగా, సమంగా ఉన్నాయని తెలిస్తే చాలు. నడుమ ఎంత రభస జరిగినా పద్దు తేలుతుంది. గోడ మందం కొద్ది మీటర్లే కాబట్టి ఆ కాస్త దూరంలో అడుగు రాపిడినీ, కాలువ వాలునూ లెక్కలోకి తీసుకోకపోయినా పెద్ద తేడా రాదు.

మరి మూడో పద్దు, శక్తిది, ఎందుకు వాడలేదు? వాడితే ఏమవుతుందో చూద్దాం. గట్టు మీద గోడతో సమానంగా సైకిలు తొక్కుతున్నామనుకోండి. అప్పుడు మనకు గోడ నిలబడి ఉన్నట్టూ, ముందున్న నీళ్లు సెకనుకు 5.4 మీటర్ల వేగంతో దానిలోకి వచ్చి పడుతున్నట్టూ, వెనకకు 2.7 మీటర్ల వేగంతో వెళ్లిపోతున్నట్టూ కనిపిస్తుంది. వంటింటి సింకులో కుళాయి ధార పళ్లెం మీద పడినప్పుడు చుట్టూ ఒక వలయం కట్టుకుంటుంది కదా, లోపల పలచగా, బయట మందంగా. అది నిలబడ్డ నీటిగోడే. ఇంజనీర్లు దాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. మన కాలువలోది నడిచే జంప్.

ఇప్పుడు శక్తి కొలుద్దాం. నీటి శక్తిని ఎత్తుగా చెప్పడం ఇంజనీర్ల అలవాటు. గోడలోకి వచ్చే నీళ్లకు 1 మీటరు లోతు, వేగం వల్ల ఇంకో 1.5 మీటర్లు, మొత్తం 2.5. బయటికి పోయే నీళ్లకు 2 మీటర్ల లోతు, వేగం వల్ల 0.375, మొత్తం 2.375. ఎనిమిదో వంతు మీటరు మాయమైంది. మాయం కాలేదు, నురగగా, చప్పుడుగా, సుడులుగా, చివరికి కాస్తంత వేడిగా మారిపోయింది. ఒక మీటరు వెడల్పుకు ఈ ఖర్చు ఆరున్నర కిలోవాట్లకు పైమాటే, దాదాపు 9 హార్స్‌పవర్ మోటారు ఆగకుండా తిరిగినంత. శక్తి ఎక్కడా పోలేదని మొండికేసి లెక్కగడితే c 5.1 వస్తుంది, నిజానికంటే తక్కువ. గోడ ఎత్తు పెరిగేకొద్దీ ఈ పొరపాటూ పెరుగుతుంది. శక్తి పద్దులో ఎంత కారిపోయిందో ముందుగా తెలియదు కాబట్టి ఆ పద్దును మొదలుపెట్టడానికి వాడలేం. ఊపు పద్దుకు ఆ బాధ లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీరు బెలాంజే జంప్ విషయంలో మొదట శక్తి లెక్కతోనే వెళ్లి, తరవాత ఊపు లెక్కకు మారాడు. 1914లో లార్డ్ రేలీ ఇదే పద్దు నుంచి ఇంకో సంగతి తేల్చాడు. నడిచే మెట్టులో శక్తి ఖర్చు కావచ్చు గానీ కొత్తగా పుట్టలేదు. అందుకే మట్టం పెరిగే గోడ నిట్టనిలువుగా నడవగలదు, మట్టం తగ్గించే గోడ నడవలేదు. షట్టరు మూస్తే దిగువన నీళ్లు మెట్టులా పడిపోకుండా సాగి సాగి తగ్గడానికి కారణం ఇదే.

గోడ నిట్టనిలువుగా నిలబడటం వెనక ఇంకో సంగతి ఉంది, మనుషుల ప్రాణాలకు సంబంధించినది. నిలకడ నీళ్లలో రాయి వేస్తే లేచే చిన్న అల, లోతు 1 మీటరైతే సెకనుకు 3.1 మీటర్లు పోతుంది. మన గోడ 5.4 పోతోంది. కాబట్టి గోడ వస్తోందన్న కబురు మోసుకుని ఏ చిన్న అలా ముందుగా రాలేదు. గోడ మీదికి వచ్చేదాకా ముందున్న నీళ్లు నిశ్చలంగానే ఉంటాయి. వెనక సంగతి వేరు. అక్కడ లోతు 2 మీటర్లు, నీళ్లు 2.7 వేగంతో పోతున్నాయి, దాని మీద చిన్న అల ఇంకో 4.4 కలుపుకుని 7.1 వేగంతో వస్తుంది. వెనక ఏది బయల్దేరినా గోడను అందుకుని దానిలో కలిసిపోతుంది. ముందుకు కబురు పోదు, వెనక ఆలస్యంగా వచ్చినదీ ముందే చేరుతుంది.

ఈ మాటను ఒక నదికి పెట్టి చూద్దాం. కొండల్లో ఒక ఏరు, లోతు అర మీటరు, పారే వేగం సెకనుకు 1 మీటరు. మోకాలి పైకి వచ్చే నీళ్లు, మధ్యలో రాళ్లు, ఫొటోలకు బాగుంటుంది. ఎగువ గేటు ఒకేసారి ఎత్తేసి లోతు ఒకటిన్నర మీటర్లు చేశారనుకోండి. సూత్రం ప్రకారం గోడ సెకనుకు 6.4 మీటర్ల వేగంతో వస్తుంది. లోతు మూడింతలే పెరిగింది. కానీ వెనక నీళ్లు సెకనుకు 4.6 మీటర్ల వేగంతో ఉన్నాయి, పారే నీటి పరిమాణం 14 రెట్లయింది. లోతు చూసి ‘ఒకటిన్నర మీటర్లే కదా’ అనుకునేవాడికి ఆ పద్నాలుగు రెట్లు కనిపించవు. అంత వేగంలో నడుము లోతు నీళ్లలో కూడా ఎవరూ నిలబడలేరు.

ఇప్పుడు గేటు మనిషి జాగ్రత్తపరుడు అనుకుందాం. ఒకేసారి కాకుండా రెండు విడతలుగా ఎత్తాడు. ముందు అర మీటరు నుంచి ఒక మీటరుకు, అయిదు నిమిషాల తరవాత ఒకటి నుంచి ఒకటిన్నరకు. మొదటి మెట్టు సెకనుకు 4.8 మీటర్ల వేగంతో బయల్దేరింది. రెండోది లోతైన, అప్పటికే కదులుతున్న నీటి మీద నడుస్తోంది కాబట్టి దాని వేగం 7.2. గేటు నుంచి దాదాపు 4.4 కిలోమీటర్ల దూరంలో రెండోది మొదటిదాన్ని పట్టేస్తుంది. అక్కడి నుంచి రెండు మెట్లు లేవు, ఒకే గోడ. గేటు దగ్గర నిలబడ్డవాడికి నీళ్లు మెల్లగా, విడతలుగా పెరిగాయి. అయిదు కిలోమీటర్ల దిగువన ఉన్నవాడికి ఒక్కసారిగా వచ్చాయి. ఇద్దరూ చూసింది నిజమే చెబుతారు, విచారణలో ఇద్దరి మాటా పొసగదు. విడతల మధ్య గడువు పెంచితే కలిసే చోటు దూరం జరుగుతుంది. పదిహేను నిమిషాలైతే 13 కిలోమీటర్లు. నిజమైన ఏటిలో అడుగు రాపిడి వెనక నీటి వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి కలయిక ఇంకా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి మెట్టు అరిగిపోతుంది కూడా. దిక్కు మాత్రం మారదు. వెనకవి ముందువాటిని తరుముతాయి.

సూత్రాన్ని కాలువలో పరీక్షించాలనుకునేవారికి ఒక మాట. రెండు వంతెనల మధ్య దూరం కొలిచి, చెరో వంతెన మీదా ఒక మనిషి, ఒక గడియారం, లోతు కొలిచే ఒక కర్ర. ఇంతే సరంజామా. అంకె కుదరకపోతే ముందు అనుమానించాల్సింది h2 ని. మెట్టు చిన్నదైతే, అంటే కొత్త లోతు పాత లోతుకు సుమారు ఒకటింబావు రెట్లకు లోపే ఉంటే, అది నురగతో విరగదు. నున్నటి అలలు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి. మొదటి అల శిఖరాన్ని కొలిస్తే లోతు ఎక్కువ వచ్చి, లెక్కగట్టిన వేగమూ ఎక్కువ వస్తుంది. అలలన్నీ పోయాక నిలబడే సగటు మట్టాన్నే తీసుకోవాలి. రెండో అనుమానం కాలువ ఆకారం మీద. మన మట్టి కాలువల గట్లు వాలుగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ వెడల్పవుతాయి. అక్కడ లోతుల బదులు అడ్డుకోత వైశాల్యాలతో అవే రెండు పద్దులు మళ్లీ రాసుకోవాలి. పద్దులు మారవు, సూత్రం ముఖం మారుతుంది.

ఒక పేచీ ఇంకా మిగిలింది. ఇంతసేపూ ‘వెనక లోతు 2 మీటర్లు’ అని ఇచ్చేసుకున్నాం. ఆనకట్ట తెగితే ఆ లోతు ఎవరిస్తారు? తెలియనివి మూడు: గోడ వేగం, వెనక నీటి వేగం, వెనక లోతు. పద్దులు రెండే. మూడో షరతు జలాశయం వైపు నుంచి వస్తుంది. తెగిన చోట నుంచి గోడ దిగువకు పోతుంటే, మట్టం తగ్గే అల ఒకటి జలాశయంలోకి ఎగువకు పాకుతూ నీళ్లను విడిపిస్తుంటుంది. ఆ అల విడిపించిన నీటి వేగమూ, గోడ వెనక ఉండాల్సిన నీటి వేగమూ ఒకటయ్యే లోతే అసలు లోతు. మన కాలువ ఉదాహరణకు ఆ లెక్క చేస్తే, షట్టరు వెనక సుమారు 3.4 మీటర్ల నీళ్లు నిలిచి ఉండి, షట్టరు ఒక్క క్షణంలో మాయమైతే 2 మీటర్ల గోడ పుడుతుంది. నిలవ నీటి ఎత్తంతా గోడగా రాదు.

ముందు అసలు నీళ్లే లేకపోతే? సూత్రంలో h1 సున్నా పెట్టండి, వేగం అనంతం అంటుంది. అది సూత్రం చేతులెత్తేయడం. గోడకు మింగడానికి నీళ్లు లేవు, కాబట్టి గోడే ఉండదు, పలచటి నాలుక ఉంటుంది. 1892లో జర్మన్ ఇంజనీరు రిట్టర్ రాపిడి లేని ఎండు నేల మీద ఆ నాలుక కొస వేగం 2√(g·h0) అని తేల్చాడు, h0 జలాశయం లోతు. మల్పాసే దగ్గర లోతు 50 మీటర్లే అనుకున్నా ఈ లెక్కకు గంటకు దాదాపు 160 కిలోమీటర్లు వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్లు అలా చెప్పలేదు. రెండోదానికీ మూడోదానికీ మధ్య దూరం సుమారు 1.2 కిలోమీటర్లు, పట్టిన సమయం 180 సెకన్లు. అంటే సెకనుకు 7 మీటర్లకు కాస్త తక్కువ, గంటకు పాతిక కిలోమీటర్లు. మలుపులు, లోయ వెడల్పవడం, తోటలు, పెకలించుకొచ్చిన మట్టీ కాంక్రీటూ కలిసి ఆ నాలుకను మొద్దుబార్చాయి. రిట్టర్ కొస చాలా పలచనిది, రాపిడికి మొదట లొంగేది అదే. వెనక నీళ్లు వచ్చి దాని మీద పోగుపడితే ముందు భాగం మళ్లీ గోడలా లేస్తుంది. ఫ్రెజూస్ చేరేసరికి అది సుమారు 3 మీటర్ల ఎత్తుందంటారు. 3 మీటర్ల లోతులో చిన్న అల వేగం సెకనుకు 5.4 మీటర్లు. గమనించిన వేగం దానికి మించే ఉంది గానీ, రిట్టర్ చెప్పినదాని ఛాయలకు కూడా పోలేదు. అందుకే ఆనకట్ట దిగువ ఊళ్లకు ఎంత గడువుంటుందో చెప్పాలంటే ఒక్క సూత్రం చాలదు. లోయ పొడవునా గడి గడికీ అవే రెండు పద్దులు, రాపిడినీ వాలునూ కలిపి రాసుకుంటూ పోవాలి. ఆ ప్రోగ్రాములు చేసేది అదే. తుదకు వాటిని ఆ మూడు ట్రాన్స్‌ఫార్మర్ల ముందు నిలబెడతారు.

2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో, థలోట్ దగ్గర బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. నీళ్లు తమ దాకా వచ్చేవరకూ నది మామూలుగానే ఉందంటే, అది వాళ్ల అజాగ్రత్త కాదు. పైన చెప్పినట్టు గోడ ముందు నీళ్లకు గోడ సంగతి తెలియదు.

ఎగువన గేట్లున్న ఏ ఏటిలోనైనా దిగేముందు ఆ గేట్లు ఎంత దూరమో అడిగి తెలుసుకోండి. మన ఉదాహరణలోని 6.4 మీటర్ల వేగానికి కిలోమీటరుకు రెండున్నర నిమిషాలు పడుతుంది, అంతకంటే ఎక్కువ గడువుందని లెక్కవేసుకోవద్దు. సైరన్ మోగినా, ఎగువనుంచి హోరు వినిపించినా, నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారి పెరగడం మొదలైనా, దిగువకు పరిగెత్తొద్దు. అడ్డంగా గట్టు వైపు, పైకి ఎక్కండి.